టైల్ ముఖం కాదు, వీపు చూపించండి

హాల్లో నాలుగు టైల్స్ పగలగానే నేల ఫొటో తీసి, "అన్నా, ఇది ఏ కంపెనీ?" అని వాట్సాప్‌లో పెట్టేస్తారు. చూస్తే ట్యూబ్‌లైట్ మెరుపు, దాని కింద ఐవరీ రంగు. అలాంటి టైల్ చేసే ఫ్యాక్టరీలు గుజరాత్‌లోని ఒక్క మోర్బీ ఊళ్లోనే బోలెడు. ముఖం చూసి పేరు చెప్పడానికి నేనేమైనా సోది చెబుతానా?

పగిలిన ముక్కను తీసి వెనక్కి తిప్పండి. సిమెంటు తడిపి బ్రష్‌తో రుద్దితే చాలా టైల్స్‌కి అచ్చులో పడిన పేరు కనిపిస్తుంది. వెలుతురు పక్క నుంచి పడేలా పెట్టి ఫొటో తీయండి, అక్షరాలు తేలతాయి. అయినా సగం పనే అయినట్టు. డిజైన్ పేరు, షేడ్, బ్యాచ్ ఉండేది బాక్సు మీద. ఆ బాక్సులేమో గృహప్రవేశానికి ముందే పాత సామాన్ల వాడికి వెళ్లిపోతాయి.

మొన్న మా పిన్ని వాళ్లింట్లో ఇదే గొడవ. పైపు లీకైందని ప్లంబర్ హాల్లో నాలుగు రెండు బై రెండు టైల్స్ పగలగొట్టాడు. ఇల్లు కట్టి ఆరేళ్లు. బాబాయి ఫోన్లో పాత ఫొటోలు తిరగేస్తే, ఒకదాంట్లో మనవడు మెట్ల కింద నిలబడి ఉన్నాడు, వాడి వెనక టైల్స్ బాక్సుల దొంతర. జూమ్ చేస్తే డిజైన్ పేరు చదవగలిగాం కానీ, ముద్ర కొట్టిన చిన్న అంకెలు అలుక్కుపోయాయి. అది వాట్సాప్‌లో వచ్చిన ఫొటో మరి. తీసింది మా చెల్లి. తన ఫోన్లోని అసలు ఫొటోను డాక్యుమెంట్‌గా పంపమన్నాను. అప్పుడు షేడ్, బ్యాచ్ నంబర్లు కనిపించాయి.

షాపులో అదే డిజైన్ దొరికింది, బ్యాచ్ మాత్రం వేరు. ఒక్క టైల్ తెచ్చి, పగటి వెలుతురులో పాతదాని పక్కన ఊరికే పెట్టి చూశాం. కొత్తది కాస్త పసుపు, పైగా ఒక మిల్లీమీటరు పెద్దది. మట్టి, గ్లేజు, బట్టీ వేడి ప్రతిసారీ ఒకేలా ఉండవు. అందుకే కంపెనీలు షేడ్‌ని బట్టి, సైజుని బట్టి వేరు చేసి నంబర్లు వేస్తాయి. పేరు కలిసినంత మాత్రాన టైల్ కలవదు.

స్టోర్ రూములోనూ అవే టైల్స్. తట్టి చూసి, డొల్లగా మోగినవాటి జాయింట్లు కోసి లేపాం. ఆరు లేపితే నాలుగు పగలకుండా వచ్చాయి. (గమ్ముతో అతికించిన నేలైతే ఈ ఆశ పెట్టుకోకండి.) ఆ నాలుగూ హాల్లోకి, కొత్తవి అంచులు అరగదీసి స్టోర్ రూములోకి.

అంతా అయ్యాక పిన్ని వంగి చూసి, "టైల్స్ బాగానే కలిశాయి గానీ, జాయింట్లు తెల్లగా కొట్టొచ్చినట్టు ఉన్నాయేంట్రా?" అంది.