డిటెక్టర్ 92 అందా? సున్నా వేసే ముందు ఇటలీ గురించి అడగండి

"వ్యాసం మరీ నున్నగా ఉంటే ఏఐ డిటెక్టర్‌లో పెట్టండి. 90 శాతం దాటిందంటే అలాంటి పదింటిలో తొమ్మిది దొంగవే. నమ్మకం చాలకపోతే ఇంకో రెండు టూల్స్‌లో వేసి చూడండి, మూడూ ఒకే మాట చెబితే సున్నా వేసెయ్యండి. విద్యార్థిని పిలిచి మాట్లాడటం దండగ, ఎలాగూ అబద్ధమే చెబుతాడు. సొంతంగా రాసినవాడైతే ఏ వాక్యం అడిగినా టకటకా చెప్పాలి."

వ్యాసం రాసింది మనిషా, ఏఐయా అని అంచనా వేసే టూల్స్ గురించి, మార్కులు వేసే ఉపాధ్యాయులకు ఇచ్చే సలహా ఇది. దీన్ని ఒక్కో ముక్కా విప్పి చూద్దాం.

ఆ శాతం దేనికి శాతం?

కొన్ని టూల్స్‌లో ఆ అంకె, వ్యాసంలో ఎంత భాగం యంత్రం రాసినట్టుందో చెబుతుంది. మరికొన్నింటిలో మొత్తం వ్యాసం యంత్రానిదే అనడానికి టూల్‌కున్న ధీమాను చెబుతుంది. పట్టుబడ్డవాళ్లలో ఎంతమంది నిజంగా తప్పు చేశారన్నది రెండూ చెప్పవు. అది తెలియాలంటే తరగతిలో అసలు ఎంతమంది ఏఐతో రాయించారో తెలియాలి. అది టూల్ చెప్పలేదు.

లెక్క వేసి చూద్దాం. 200 వ్యాసాలు వచ్చాయనుకోండి, వాటిలో 20 ఏఐ రాసినవి. టూల్ ఆ ఇరవైలో 80 శాతాన్ని పట్టుకుంటుందని, సొంతంగా రాసినవాటిలో 5 శాతాన్ని పొరపాటున అనుమానిస్తుందని అనుకుందాం. ఇరవైలో 16 దొరుకుతాయి. మిగతా 180లో 9 అన్యాయంగా ఇరుక్కుంటాయి. మొత్తం 25 ఎర్రజెండాల్లో 9 తప్పు, అంటే మూడింట ఒకటికి పైనే. ఏఐతో రాసినవారు ఐదుగురే అయితే నాలుగు దొరుకుతాయి, తప్పుగా చిక్కేవి పదికి చేరువవుతాయి. అంటే తరగతి ఎంత నిజాయితీగా ఉంటే, ఎర్రజెండాకు విలువ అంత తక్కువ.

మూడు టూల్స్ ఏకమైతే?

ముగ్గురు సాక్షులు విడివిడిగా చూసి ఒకే మాట చెబితే దానికి బరువుంటుంది. ముగ్గురూ ఒకే కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే ఉండదు. ఈ టూల్స్‌లో చాలావాటికి ఆధారం దాదాపు ఒకటే: తర్వాత ఏ పదం వస్తుందో ఎంత సులువుగా ఊహించవచ్చు, వాక్యాల తీరు ఎంత ఒకేలా ఉంది. పదాలు ఊహకు అందేలా, వాక్యాలు ఒకే పొడవులో ఉంటే యంత్రం రాసిందంటాయి. మామూలు పదాలతో జాగ్రత్తగా, నేర్పిన పద్ధతిలోనే పేరాలు కట్టే విద్యార్థి రాసేదీ అలాగే ఉంటుంది. ముఖ్యంగా ఇంగ్లిష్ రెండో భాషగా నేర్చుకున్నవారిది.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సరిగ్గా దీన్నే పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కానివారు టోఫెల్ అనే ఇంగ్లిష్ పరీక్ష కోసం రాసిన 91 వ్యాసాలను ఏడు డిటెక్టర్లలో పెట్టారు. సగటున 61 శాతం ఏఐ రాసినవని తేలాయి. 18 వ్యాసాల విషయంలో ఏడూ ఏకగ్రీవంగా తప్పు చెప్పాయి. మూడు కాదు, ఏడు! ఇంకో విడ్డూరం ఉంది. అవే వ్యాసాలను చాట్‌జీపీటీకి ఇచ్చి పదజాలం మెరుగుపరిచాక, తప్పుడు గుర్తింపు 12 శాతం లోపుకు పడిపోయింది. సొంతంగా రాసినప్పుడు దొంగ, యంత్రంతో దిద్దించుకున్నాక దొర.

చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్‌ఏఐ కూడా 2023 జనవరిలో సొంత డిటెక్టర్ విడుదల చేసింది. ఏఐ రాసినవాటిలో అది పట్టుకున్నది 26 శాతం, మనుషులు రాసినవాటిలో తప్పుపట్టింది 9 శాతం. కచ్చితత్వం తక్కువని ఆ జులైలోనే ఎత్తేశారు. ఆ తర్వాత వచ్చిన టూల్స్ మెరుగైతే కావచ్చు, పై లెక్క మాత్రం వాటికీ వర్తిస్తుంది. విద్యాసంస్థలకు ఇలాంటి టూల్ అమ్మే టర్నిటిన్ కంపెనీ తన నివేదికలో 20 శాతం లోపు స్కోరును అంకెగా చూపడం మానేసి నక్షత్రం గుర్తు పెడుతోంది. తక్కువ స్కోర్లలో పొరపాటు ఎక్కువని అమ్మేవాళ్లే ఒప్పుకున్నారన్నమాట.

"ఇది నువ్వే రాశావా?" అని చాట్‌బాట్‌నే అడిగి, అది అవునంటే నమ్మేవాళ్లూ ఉన్నారు. తాను ఎవరికి ఏం రాసిచ్చిందో వెతికి చూసే చిట్టా దాని దగ్గర లేదు. అప్పటికి నోటికొచ్చింది చెబుతుంది.

మరి ఎవరిని పిలవాలి?

టూల్‌ను పక్కన పెట్టినంత మాత్రాన అనుమానం పోదు. దానికి కారణం వ్యాసంలోనే దొరకాలి. అందుకని ముందు వ్యాసం చదివి, మార్కుల ప్రమాణాల ప్రకారం తాత్కాలికంగా మార్కులు వేసి రాసిపెట్టుకోండి. స్కోరు చూడాల్సే వస్తే ఆ తర్వాతే చూడండి. 92 అన్న అంకె ముందే కంటపడితే, తర్వాత చదివే ప్రతి మంచి వాక్యమూ సాక్ష్యంలా కనిపిస్తుంది.

నున్నగా ఉండటం ఒక్కటే పిలవడానికి కారణం కాదు. పిలవాల్సినవి వేరే ఉన్నాయి. ఉదహరించిన పుస్తకమో పేజీయో అసలు లేకపోవడం అన్నిటికన్నా గట్టిది, అదొక్కటున్నా చాలు. మిగతావి కనీసం రెండు కలవాలి: తరగతిలో ఇచ్చిన పాఠాలను ఆధారం చేసుకోమంటే వాటి ఊసే లేకపోవడం, ఎప్పుడూ చెప్పని పదాన్ని వివరణ లేకుండా చాలా ధీమాగా వాడటం, తరగతి గదిలో చేత్తో రాసినదానికీ దీనికీ వాదన కట్టే తీరులోనే తేడా ఉండటం. తేడా అంటే స్పెల్లింగూ వ్యాకరణమూ కాదు. ఇంట్లో రాసినదానికి సమయం ఎక్కువ, దిద్దే టూల్స్ ఉంటాయి, తోడబుట్టినవాళ్లు చదివిపెడతారు. పైపై మెరుగులు వాటివల్లే వస్తాయి. ఈ లక్షణాలేవీ లేకపోతే స్కోరు 98 ఉన్నా మార్కులు వేసి ముందుకెళ్లడమే.

ఓ ఊహా ఉదాహరణ. "1914లో మొదటి ప్రపంచ యుద్ధం రావడానికి పొత్తుల వ్యవస్థే కారణమా?" అని 1,000 పదాల వ్యాసం అడిగారు, తరగతిలో చదివిన రెండు పాఠ్యభాగాలను ఆధారం చేసుకోవాలి. ఒక వ్యాసం చాలా ధారగా సాగింది. పొత్తుల వల్ల ఒకరి వెనుక ఒకరు తప్పనిసరిగా యుద్ధంలోకి లాగబడ్డారన్నది దాని వాదన. ఇచ్చిన రెండు భాగాల్లో ఒక్కటీ కనబడదు. "రక్షణాత్మక బాధ్యత" అన్న మాట మూడుసార్లు వచ్చింది, అదేమిటో ఎక్కడా చెప్పలేదు. రెండు లక్షణాలు కలిశాయి కాబట్టి పిలవాలి. పిలిచే మాట ఇలా ఉంటే చాలు: "నీ వ్యాసం గురించి పది నిమిషాలు మాట్లాడాలి. నీ ప్రతి, నోట్సు, పాత డ్రాఫ్టులుంటే అవి తెచ్చుకో." దోషం మోపే పదం అందులో ఉండకూడదు. అనుమానం ఉన్న ముగ్గురితో పాటు ఏ అనుమానమూ లేని ముగ్గురిని కూడా చీటీ తీసి పిలవడం ఇంకా మంచిది. అప్పుడు పిలుపే నింద అయిపోదు. పైగా సొంతంగా రాసినవాళ్లు కూడా ఎంత తడబడతారో మీకు తెలిసొస్తుంది, పోల్చుకోవడానికి అదే కొలబద్ద.

అబద్ధం చెబితే చెప్పనివ్వండి

"నువ్వు ఏఐ వాడావా?" అన్నది పనికిరాని ప్రశ్న. వాడినవాడూ లేదంటాడు, వాడనివాడూ లేదంటాడు. మాటామంతీ పెట్టాల్సింది ఒప్పుకోలు కోసం కాదు, వ్యాసం వెనుక ఆలోచన ఉందో లేదో చూడటానికి. ఆలోచనను అప్పటికప్పుడు పుట్టించడం అబద్ధం చెప్పినంత తేలిక కాదు.

పై వ్యాసానికి సరైన ప్రశ్న ఇటలీ. జర్మనీ, ఆస్ట్రియా-హంగరీలతో అది 1882 నుంచి పొత్తులో ఉంది. అయినా 1914 ఆగస్టులో తటస్థంగా ఉండిపోయింది, 1915 మేలో ఏకంగా అవతలి పక్షాన చేరింది. కాబట్టి ఇలా అడగవచ్చు: "పొత్తులే అందరినీ లాగాయన్నావు కదా. మరి ఇటలీ ఎందుకు రాలేదు? నీ వాదనకు అది అడ్డొస్తుందా?"

ఒక విద్యార్థి కాసేపు ఆగి, "ఇటలీ సంగతి ఆలోచించలేదు సార్. కానీ ఎవరైనా మీదపడితేనే సాయం చేయాలన్న ఒప్పందం కదా, ఆస్ట్రియానే సెర్బియా మీదికి వెళ్లింది. అంటే పొత్తు ఉన్నంత మాత్రాన తప్పనిసరి కాదు... నా రెండో పేరా కొంచెం ఎక్కువ చెప్పింది" అన్నాడనుకోండి. తనకు తెలియదని ఒప్పుకున్నాడు, అయినా తన పదాన్ని తానే విప్పి, తన వాదనను తానే సవరించాడు. వేసిన మార్కులు అలాగే ఉంచండి. పాఠ్యభాగాలు వాడనందుకు ప్రమాణాల ప్రకారం పోయే మార్కులు ఎలాగూ పోతాయి. ఇంకొకరు "రక్షణాత్మక బాధ్యత అంటే... దేశాన్ని రక్షించుకోవడం" అని ఆగిపోయి, ఒప్పందం ఏ పరిస్థితికి వర్తిస్తుందో రెండోసారి వేరే మాటల్లో అడిగినా చెప్పలేక, ఈ వాదన ఎక్కడ మొదలుపెట్టారో, ఏది తీసేశారో కూడా చెప్పలేకపోతే, అప్పుడు డ్రాఫ్టులు చూడాలి. అవీ లేకపోతే విషయాన్ని సంస్థ నియమాల ప్రకారం పైకి పంపాలి. అనుమానానికని చడీచప్పుడు లేకుండా ఐదు మార్కులు కోసేయడం అన్నిటికన్నా చెడ్డది. నిర్దోషికి అది తెలియను కూడా తెలియదు, ఇక అప్పీలు ఎక్కడ?

డ్రాఫ్టుల గురించి ఒక హెచ్చరిక. గూగుల్ డాక్స్‌లో `File > Version history > See version history` తెరిస్తే వ్యాసం ఎలా పెరిగిందో కనిపిస్తుంది. వాక్యాలు చెరిపి మళ్లీ రాసిన జాడలు, పేరాలు అటూ ఇటూ జరిగిన జాడలు విద్యార్థికి అనుకూలమైన మంచి సాక్ష్యం. కానీ 1,000 పదాలూ ఒక్కసారే వచ్చిపడ్డాయంటే నేరం రుజువైనట్టు కాదు, ఫోన్‌లోనో వేరే ఫైల్‌లోనో రాసి అతికించి ఉండవచ్చు. వర్డ్‌లో కనిపించే `Total Editing Time` ఇంకా బలహీనం. ఫైలు ఊరికే తెరిచి ఉంచినా అది పెరుగుతుంది, కొత్త ఫైల్‌లోకి అతికిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

టకటకా చెప్పాలా?

రెండు వారాల క్రితం తాను రాసిన వాక్యాన్ని యథాతథంగా ఎవరూ చెప్పలేరు. మీరు ఇటీవల పంపిన పెద్ద ఉత్తరంలో మూడో పేరా చెప్పి చూడండి. అందుకే వ్యాసం ప్రతి విద్యార్థి చేతికిచ్చి, మూడు నాలుగు నిమిషాలు చదువుకోనిచ్చి, తర్వాత మొదలుపెట్టాలి. పదాలు గుర్తున్నాయా అని కాక కారణాలు అడగాలి: ఈ ఉదాహరణే ఎందుకు, ఇది రెండో పేరాలో ఎందుకు లేదు. బెరుకున్నవాళ్లు, ఇంగ్లిష్‌లో రాయగలిగినంత ధారగా మాట్లాడలేనివాళ్లు ఉంటారు. వాళ్లను తమకు వచ్చిన భాషలో చెప్పనివ్వండి, లేదా అదే ప్రశ్నకు అక్కడే కూర్చుని పది నిమిషాల్లో ఐదారు వాక్యాలు రాయనివ్వండి. ఎవరైనా తడుముకోకుండా ముద్దుగా అప్పజెప్పారంటే, అదీ పెద్ద రుజువేం కాదు, వచ్చేముందు వ్యాసాన్ని బట్టీ పట్టి ఉండవచ్చు. వ్యాసంలో లేని ఇటలీ లాంటి ప్రశ్న ఒకటైనా ఉండాలనేది అందుకే.

మాట్లాడాక అడిగిన ప్రశ్నలు, వచ్చిన జవాబులు, తేదీ ఓ నాలుగు వరుసల్లో రాసి, విద్యార్థికి చూపించి పెట్టుకోండి. ఆ కాగితంలో డిటెక్టర్ స్కోరు రాయాల్సిన అవసరం లేదు.