నాలుగు పైపులు, సున్నా వేస్టేజ్

ఇది మొన్న జరిగింది. ఇంకా మంట తగ్గలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా. తగ్గాక రాస్తే నేనేదో మంచోడిలా కనిపించేట్టు మార్చేస్తాను.

సామాన్లు పెట్టుకోడానికి ఇనుప ర్యాక్ ఒకటి కావాలి. పొడవు 2400, ఎత్తు 1800, లోతు 400, అన్నీ మిల్లీమీటర్లే, మూడు అరలు. అంటే కాళ్లు 1800వి నాలుగు, పొడుగు పట్టీలు 2400వి ఆరు, అడ్డ పట్టీలు 400వి ఆరు. స్క్వేర్ పైపు ఆరు మీటర్ల లెంగ్తుల్లో వస్తుంది. వెల్డర్ అన్న కొలతలు విని, కాయితం లేకుండా పెన్ను లేకుండా, అటెటో చూస్తూ "అయిదు పైపులు తెప్పించండి సార్" అన్నాడు.

అదిగో, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఏంటి ఆ ధీమా? లెక్క ఏదన్నా అంటే, పెద్దవి ముందు కోసుకోవాలి సార్ అన్నాడు. ఒక్కో పైపులో 2400వి రెండు, అలా మూడు పైపులు, ప్రతి దాంట్లో మిగిలిన తోకలోంచి 400వి రెండేసి. నాలుగో పైపులో 1800వి మూడు. ఇంకో కాలు మిగిలిపోయింది కాబట్టి దానికోసం అయిదో పైపు. ఒక్క కాలు కోసం ఒక నిండు పైపా! నేను ఊరుకుంటానా. మొత్తం కలిపి చూస్తే 7200, 14400, 2400, అంతా కలిపి సరిగ్గా 24000. ఇరవై నాలుగు మీటర్లు! అంటే నాలుగు పైపులే, అదీ చిల్లర లేకుండా.

మొత్తం సరిపోతే చాలదు, ముక్కలు పైపుల్లో ఇమడాలి, అది నాకూ తెలుసు, అంత అమాయకుణ్ణేం కాదు. కూర్చుని పది నిమిషాల్లో ఇమిడించేశా. రెండు పైపుల్లో ఒక 2400, రెండు 1800లు, ఆరువేలు. మిగతా రెండు పైపుల్లో రెండు 2400లు, మూడు 400లు, ఆరువేలు. కాయితం మీద అలా పడుతుంటే నాకు నిజంగా ఒళ్లు పులకరించింది. ఈ లెక్కకి పెద్ద చరిత్రే ఉంది, 1939లోనే కాంటొరొవిచ్ అనే సోవియట్ లెక్కలాయన తుక్కు తగ్గించేలా కోయడం ఎలా అని రాశాడు, తర్వాత ఆయనకి నోబెల్ కూడా వచ్చింది (దీనికొక్కదానికే కాదనుకోండి). ఆ రోజు కాసేపు నన్ను నేను ఆ లైన్లోనే ఊహించుకున్నా.

ఎందుకైనా మంచిదని ఫోన్‌లో ఒక కటింగ్ కాలిక్యులేటర్‌లో కూడా కొలతలు కొట్టి చూశా. పచ్చరంగు గీతలేసి `Waste: 0.00%` అని చూపించింది. ఇంకేం కావాలి? స్క్రీన్‌షాట్ తీసి వెల్డర్ అన్న మొహం ముందు పెట్టా. ఆయన దాన్ని చూశాడు, నన్ను చూశాడు, "మీ ఇష్టం సార్" అన్నాడు. ఆ మాట ఎలా అన్నాడో నేనిప్పుడు తలుచుకుంటే తెలుస్తోంది గానీ అప్పుడు ఓటమి ఒప్పుకున్నాడనుకున్నా.

నాలుగు పైపులొచ్చాయి, కటింగ్ మెషిన్ పెట్టారు, నిప్పురవ్వలు, చెవులు చిల్లులు పడే చప్పుడు, గంటలో అయిపోయింది. ఒక్క విషయం మాత్రం ఇక్కడ చెప్పాలి. ప్రతి పైపులో చివరి ముక్కని ఎవరం కొలవలేదు. ఎందుకు కొలవాలి, ఆరువేలల్లో 2400, 1800 పోతే మిగిలేది 1800 కాక ఏమవుతుంది? మూడో క్లాసు తీసివేత.

తర్వాత నాలుగు కాళ్లనీ గోడకి ఆనించి నిలబెట్టాడు. రెండు పొట్టిగా ఉన్నాయి.

పొట్టిగా అంటే ఘోరంగా కాదు, కానీ కన్ను అక్కడే ఆగిపోయేంత. నేను ముందు నేలని అనుమానించా. నేల వాలుగా ఉంటుంది కదా, అందుకని కాళ్లని అటువి ఇటు ఇటువి అటు మార్పించా. పొట్టితనం నేలతో ఉండకుండా పైపుతో పాటే వచ్చేసింది. మళ్లీ మార్పించా, మళ్లీ వచ్చింది. మూడోసారి మార్చమంటే వెల్డర్ అన్న కుర్రాడు నవ్వు ఆపుకోడానికి అటు తిరిగాడు.

అప్పుడు టేపుని పట్టుకున్నా. దాని చివర కొక్కెం కదులుతోంది! దొరికాడు దొంగ అనుకుని, ఇదిగో మీ టేపే లూజు, ఇలాంటి దాంతో కొలిస్తే ఇలాగే ఏడుస్తుంది అని గట్టిగానే అన్నా. ఆయన చాలా ఓపిగ్గా, అది అలాగే కదలాలి సార్ అన్నాడు. కొక్కెం మందం ఎంతో అంత మేరకే అది కదులుతుందంట, బయట తగిలించి లాగినా, లోపల గోడకి నొక్కినా కొలత ఒకటే రావాలని కావాలనే అలా చేస్తారంట. ఇన్నేళ్లుగా నా టేపు కొక్కెం కదలకుండా సుత్తితో కొట్టి బిగించుకున్న సంగతి నేను ఆయనకి చెప్పలేదు, మీకు చెప్తున్నా.

ఇక కొలిచాం. 1794. ఆరు మిల్లీమీటర్లు తక్కువ. రెండోది కూడా 1794. అప్పుడు కుర్రాడు, పాపం మంచి మనసుతోనే, ఎండలో పెడితే ఇనుము సాగుద్దంట కదా సార్ అన్నాడు. నా స్థితి చూడండి, నేను దాన్ని కూడా లెక్కేశా. ఇనుము మీటరుకి ఒక డిగ్రీ వేడికి 0.012 మిల్లీలు సాగుతుంది. 1794 కాస్తా 1800 కావాలంటే దాదాపు 280 డిగ్రీలు వేడెక్కాలి, పైగా ర్యాక్ వాడినన్నాళ్లూ అదే వేడిమీద ఉండాలి. సరేలే అనుకునేలోపు అడ్డ పట్టీలు కొలిస్తే రెండు 388 వచ్చాయి. 400కి పన్నెండు తక్కువ. దానికైతే రెండున్నర వేల డిగ్రీలు దాటాలి, ఇనుము 1538కే కరిగిపోతుంది. అంటే ఆ ముక్క సరైన కొలతకి వచ్చేలోపు పులుసైపోతుంది.

ఇంతకీ ఆ మిల్లీమీటర్లు ఎక్కడికి పోయాయి? మెషిన్ కింద నేల మీదే ఉన్నాయి, నల్లటి రజను రూపంలో. చక్రం మందం 3 మిల్లీలు. అది పైపుని విడదీయదు, తన మందం మేర తినేస్తుంది. మూడు ముక్కలు కావాలంటే రెండు కోతలు, 6 మిల్లీలు చక్రం కడుపులోకి. అయిదు ముక్కలంటే నాలుగు కోతలు, 12. వెల్డర్ అన్న ఒక్కో ముక్కా కొలిచి గీతకి అవతల పక్కన చక్రం పెట్టి కోశాడు కాబట్టి ముందు ముక్కలన్నీ నిక్కచ్చిగా వచ్చాయి, నష్టమంతా ఆఖరి ముక్క నెత్తిన పడింది. అదే మొత్తం గీతలు ఒకేసారి గీసుకుని గీత మీదే కోసుంటే ప్రతి ముక్కా కొంచెం కొంచెం తగ్గేది, చివరివి ఒకటిన్నర, మధ్యవి మూడు. ఒక్క ముక్కే బాగా పొట్టిగా ఉందా, అన్నీ తలా కాస్త పొట్టిగా ఉన్నాయా అన్నది చూస్తే చాలు, తప్పు ఎలా జరిగిందో చెప్పేయొచ్చు. ఈ జ్ఞానం నాకు ఒక రోజు ముందు వచ్చుంటే బాగుండేది.

మరి కాలిక్యులేటర్? తీసి చూశా. అన్నిటికంటే కింద, మూడు చుక్కలు నొక్కితే, ఇంకో బాణం గుర్తు నొక్కితే, అప్పుడు కనిపించింది `Kerf: 0` అని. కోత మందం సున్నా అంట! ఏ చక్రానికుంది సున్నా మందం? రంగులు మార్చుకునే బటన్ మాత్రం పైన పెద్దగా ఉంది. ఆ గడిలో 3 కొట్టి చూస్తే ఒక్క క్షణం ఆలోచించకుండా అయిదు పైపులు అంది.

అయిదు. అటెటో చూస్తూ ఆయన చెప్పిన అయిదు.

అయిదో పైపు తెప్పించా. దాంట్లోంచి రెండు 1800లు, రెండు 400లు కోస్తే 1588 ముక్క ఒకటి మిగిలింది. అంటే నా సున్నా వేస్టేజ్ ప్లాన్‌లో మిగిలినవి: 1588 ఒకటి, 1794వి రెండు, 388వి రెండు, మొత్తం 5952. నాలుగు పైపుల్లో చక్రం తిన్న 36 మిల్లీలు లెక్కలో కలపనందుకు ఆరు మీటర్ల తుక్కు. ఇంకా మండే విషయం ఏంటంటే, వెల్డర్ అన్న పద్ధతిలో ఎంత మిగిలేదో కూడా వేశా (వేయకుండా ఉండాల్సింది). అదీ 5952! పైపులూ అయిదే, కోతలూ పదహారే, మరి మిగిలేది తేడా ఎలా వస్తుంది. కానీ ఆయన దాంట్లో అయిదో పైపులోంచి ఒక్క కాలే కోస్తాడు కాబట్టి 4197 నిడివి ముక్క ఒకటి, కొత్త పైపులాంటిది, చెక్కుచెదరకుండా మిగిలేది. దాంతో రేపు ఇంకేదైనా చేసుకోవచ్చు. నా దగ్గరున్నవన్నీ దేనికీ సరిగ్గా చాలని ముక్కలు. తుక్కు మొత్తం ఒకటే, ఆయనది సరుకు, నాది తుక్కు.

అంతా అయ్యాక, అయిదో పైపు కోసేశాక, గమనించండి కోసేశాకే, ఆయన చేతులు దులుపుకుంటూ అన్నాడు. "అసలు అన్ని కాళ్లూ 1794కి, అడ్డపట్టీలన్నీ 388కి కోసేసుంటే అయిపోయేది కదా సార్, ర్యాక్ ఆరు మిల్లీలు పొట్టిగా ఉందని ఎవరు చూస్తారు?"

"మరి ముందే చెప్పొచ్చు కదన్నా!"

"మీరు ఫోన్‌లో చూసి చేస్తున్నారు కదా, దాంట్లో ఇంకేదో ఉందేమో అనుకున్నా సార్."

ఇంటికొచ్చాక రాత్రి మళ్లీ కాయితం తీశా. కోయక ముందే కాళ్లు 1795, అడ్డపట్టీలు 395 అనుకునుంటే కోతలతో కలిపి ఒక పైపు 5996కి, ఇంకోటి 5997కి సరిపోయేది. నాలుగే పైపులు. అయిదంటే అయిదు మిల్లీమీటర్లు వదులుకుంటే.

వెళ్తూ వెళ్తూ ఆయన, ఆ 388 ముక్కలు రెండూ నాకిచ్చేయండి సార్, స్టాండు కాళ్లకి పనికొస్తాయి అన్నాడు. ఇవ్వనన్నాను. ఎందుకన్నానో నాకూ తెలీదు. ర్యాక్ కింది అరలో పెట్టుకున్నా.