లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ పెడితే పికప్‌కు తిరిగొచ్చేదెంత?

భీమవరం, ఆకివీడు రోడ్ల మీద తెల్లవారుజామున తిరిగే పికప్‌లలో చాలావాటిపై రొయ్యల మేత బస్తాలుంటాయి. మా బావ బండి అలాంటిదే. బస్తాకు 25 కిలోల చొప్పున 60 బస్తాలు, అంటే టన్నున్నర లోడు. ఎక్కువ దూరం పోదు కానీ చెరువు గట్లు ఎక్కాలి, బురదలో ఒకటో గేరు, రెండో గేరు మీద ఈడ్చాలి. బంకులో కుర్రాడు రోజూ అడిగేవాడట, ‘లోడు బండి కదా, లీటరుకు నాలుగు రూపాయలు ఎక్కువ, ప్రీమియం డీజిల్ కొట్టమంటారా?’ అని. చివరికి బావ ఒకరోజు నన్నే అడిగాడు. ‘చదువుకున్నోడివి కదా బావా, ఆ నాలుగు రూపాయలు తిరిగొస్తాయో రావో లెక్క తేల్చు.’

బంకును బట్టి, ఊరిని బట్టి ధరలు మారతాయి కాబట్టి లెక్క కోసం మామూలు డీజిల్ 97 రూపాయలు, ప్రీమియం 101 అనుకుందాం. అంటే నాలుగు శాతం పైచిలుకు తేడా. బండి మామూలు డీజిల్‌తో లీటరుకు 11.1 కిలోమీటర్లు ఇస్తుంటే, ప్రీమియంతో 11.56 ఇచ్చినప్పుడే ఖర్చు సమానమవుతుంది. లాభమనేది ఆ పైన మొదలవుతుంది.

లోడు బండికి ప్రీమియం ‘బలం’ ఇస్తుందనే నమ్మకం పెట్రోలు నుంచి వచ్చినట్టుంది. పెట్రోల్లో ఆక్టేన్ ఎక్కువైతే కొన్ని ఇంజిన్లకు నిజంగానే పనికొస్తుంది. డీజిల్ సంగతి వేరు. ఎక్స్‌ట్రాగ్రీన్, టర్బోజెట్ లాంటి పేర్లతో అమ్మేదాంట్లో కూడా అసలు సరుకు డీజిలే. లీటరులో ఉండే వేడి శక్తి ఇంచుమించు అంతే. అందులో అదనంగా కలిపేది కొద్ది మోతాదులో మందులు. ఇంజెక్టర్‌కు పట్టిన మడ్డిని కడిగేది ఒకటి, డీజిల్ త్వరగా అంటుకునేలా సీటేన్ పెంచేది ఒకటి, తుప్పు పట్టకుండా చూసేది ఇంకొకటి. సీటేన్ పెరిగితే చలిలో బండి సులువుగా స్టార్ట్ అవుతుంది, టకటక శబ్దం తగ్గుతుంది. కానీ 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా వస్తున్న బీఎస్-6 మామూలు డీజిల్‌కే సీటేన్ కనీసం 51 ఉండాలి. గంధకం పది లక్షల భాగాల్లో పదికి మించకూడదు. మన డెల్టాలో చలికి ఇంజిన్ మొరాయించే రోజులు ఏడాదిలో ఎన్నుంటాయి? పైగా కొత్త ఇంజిన్లలో కంప్యూటరే ముందు కాస్త డీజిల్ చల్లి, తర్వాత అసలు మోతాదు ఇస్తుంది. సీటేన్ పెంచి కొత్తగా సాధించడానికి అక్కడ మిగిలింది తక్కువ.

ఇక కడిగే మందు. ఇదే ప్రీమియంలో నిజంగా విలువున్న భాగమని నా అభిప్రాయం. ఇంజెక్టర్ కొసన ఉండే రంధ్రాలు ఇంచుమించు వెంట్రుక మందం. వాటిలోంచి డీజిల్ వెయ్యి బార్లకు పైగా ఒత్తిడితో దూకుతుంది. మడ్డి పట్టితే చిమ్మే తీరు చెడి పొగ, ఐడిల్‌లో వణుకు, లోడు మీద నీరసం కనిపిస్తాయి. అలాంటి బండికి కడిగే మందు పడితే పోయిన మైలేజీలో కొంత తిరిగొస్తుంది. అంతేగానీ శుభ్రంగా ఉన్న ఇంజెక్టర్‌ను ఎంత కడిగినా కొత్తగా వచ్చేదేమీ ఉండదు.

ఈ మాట నేను చెబితే బావ ఒప్పుకోలేదు. సరే, చూద్దామని ఇద్దరం కూర్చుని పద్ధతి రాసుకున్నాం. ఒకే బంకు, ఒకే పంపు, నాజిల్ దానంతటది ఆగేదాకా ఫుల్ ట్యాంక్, అదే 60 బస్తాల లోడు, అదే దారి. టైర్లలో గాలి ప్రతి సోమవారం చూడాలి. ముందు మూడు ట్యాంకులు మామూలుది, తర్వాత మూడు ప్రీమియం.

మామూలు డీజిల్‌తో 11.2, 10.7, 11.4 వచ్చాయి. ప్రీమియంతో 11.5, 11.0, 11.3. సగటు 11.1 నుంచి 11.27కు పెరిగింది, అంటే ఒకటిన్నర శాతం. చూడగానే బావ ముఖం వెలిగింది. కానీ కిలోమీటరుకు ఖర్చు వేస్తే మామూలుది 8 రూపాయల 74 పైసలు, ప్రీమియం 8 రూపాయల 96 పైసలు. నెలకు మూడువేల కిలోమీటర్లు తిరిగే బండికి అది 660 రూపాయల నష్టం. ఇంకో సంగతి కూడా గమనించాలి. మామూలు డీజిల్ మూడు ట్యాంకుల్లోనే 0.7 కిలోమీటర్ల తేడా ఉంది. ఆ 10.7 వచ్చిన వారం వానలు పడి గట్లన్నీ బురద. రోడ్డు, గాలి, వాన తెచ్చే తేడా డీజిల్ తెచ్చిన తేడాకు నాలుగు రెట్లు. అందుకే ఒక్క ట్యాంకు కొట్టించి ‘ప్రీమియంతో మైలేజీ పెరిగింది’ అనేవాళ్ల మాట నేను నమ్మను. నిజానికి మా మూడేసి ట్యాంకులు కూడా తక్కువే.

కోనసీమలో బళ్లవాళ్లు ఇంకో లెక్క చూస్తారు. యానాంలో పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి అదే డీజిల్ చవగ్గా దొరుకుతుంది. ఆ దారిన పనిమీద వెళ్లే బండికి అది మంచి బేరం. ఆకివీడు నుంచి అందుకోసమే వెళ్తే మాత్రం మిగిలేదేమీ ఉండదు.

మన ప్రాంతంలో లోడు పికప్‌ల ఇంజెక్టర్లకు అసలు ముప్పు డీజిల్ రకం కన్నా నీళ్లే. గాలిలో తేమ ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకుతో రాత్రి బండి ఆపితే లోపల గోడలకు చెమట పడుతుంది. వరదల కాలంలో బంకు భూగర్భ ట్యాంకులోకి నీరు దిగే ప్రమాదం ఉంటుంది. అంత ఒత్తిడిలో పనిచేసే పంపు, ఇంజెక్టర్లు నీటిని తట్టుకోలేవు, తుప్పు పట్టి అరిగిపోతాయి. తుప్పు ఆపే మందు ప్రీమియంలో ఉన్నా, ట్యాంకు అడుగున చేరిన నీటిని అది మాయం చేయదు.

దీనికి బావ ఇప్పుడు చేస్తున్నది చెబుతాను. సాయంత్రమే ట్యాంకు నింపుతాడు. వానాకాలంలో వారానికోసారి, రాత్రంతా ఆగి ఉన్న బండికి ఉదయం ఇంజిన్ వేయకముందే, డీజిల్ ఫిల్టర్ కింద ఉన్న మరను కొద్దిగా వదులు చేసి గాజు సీసాలోకి అరగ్లాసు పడతాడు. నీరుంటే డీజిల్ కింద వేరుగా, గీత గీసినట్టు నిలుస్తుంది. శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదిలి మర బిగిస్తాడు, చేతి పంపు నొక్కి ఫిల్టర్ నింపుతాడు. డ్యాష్‌బోర్డు మీద నీటి దీపం వెలిగేదాకా ఆగడు. అనుమానం వస్తే బంకులో డెన్సిటీ చూపించమని అడుగుతాడు. అది కొనేవాడి హక్కు. 15 డిగ్రీలకు సరిచేసిన లెక్క, రికార్డులో రాసినదానికి ఘనపు మీటరుకు మూడు కిలోల కన్నా ఎక్కువ తేడా ఉంటే ఆ పూట అక్కడ డీజిల్ పోయించుకోడు.

ప్రీమియాన్ని పూర్తిగా మానేయలేదు. మా పెదనాన్న దగ్గర లక్షన్నర కిలోమీటర్లు దాటిన పాత పికప్ ఒకటుంది, ఐడిల్‌లో వణికేది. దానికి వరుసగా రెండు ట్యాంకులు ప్రీమియం పోయించాం. వణుకు తగ్గింది, లోడు మీద నల్లపొగ కూడా తగ్గింది. మూడో ట్యాంకు నుంచి మళ్లీ మామూలు డీజిలే. పొగ తిరిగి వస్తే ఇంకో ట్యాంకు పోయిద్దామని, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్లు విప్పి టెస్ట్ బెంచ్ మీద పెట్టించాలని అనుకున్నాం. బావ కొత్త బండి మాత్రం మామూలు డీజిల్‌తోనే తిరుగుతోంది. నెలనెలా మిగిలే 660 ఫిల్టర్లకు, ఇంజిన్ ఆయిల్‌కు పక్కన పెడుతున్నాడు.