బీఓక్యూలో రేటు వేసే ముందు సెక్షన్ డ్రాయింగ్ మీద ఒక నిలువు గీత గీయండి

బెంగళూరులో మనవాళ్ళు చిన్న చిన్న ఇళ్ళ కాంట్రాక్టులు చాలామంది చేస్తున్నారు. అనంతపురం, చిత్తూరు, కర్నూలు వైపు నుంచి మేస్త్రీలుగా వచ్చి, పదేళ్ళలో సొంతంగా పనులు పట్టుకునే స్థాయికి ఎదిగినవాళ్ళు. గోడ నిలువు తప్పితే కంటితోనే చెప్పేస్తారు. అలాంటివాళ్ళు కాగితం దగ్గర నష్టపోతుంటే నాకు నిజంగా కోపం వస్తుంది. ఆ కోపంతోనే ఇది రాస్తున్నాను.

బీఓక్యూ అంటే చేయాల్సిన ప్రతి పనినీ దాని పరిమాణంతో, రేటు కాలమ్‌తో వరసగా రాసిన పట్టిక. వాళ్ళు దాన్ని చదివే పద్ధతి ఇది: మొదటి లైను, దానికి రేటు, రెండో లైను, దానికి రేటు. చివర్లో కూడిక. రాసి ఉన్న ప్రతిదానికీ రేటు జాగ్రత్తగా వేస్తారు. రాయనిదాని సంగతి ఎవరూ అడగరు. కానీ అగ్రిమెంటు చివర్లో ఒక వాక్యం దాదాపు ఎప్పుడూ ఉంటుంది: పని పూర్తి కావడానికి అవసరమైనవన్నీ, విడిగా రాయకపోయినా, రేట్లలో కలిసి ఉన్నట్టే. ఆ వాక్యం మీద సంతకం పెట్టాక, రాయని ఐటమ్ ఖర్చు మన జేబులోంచే పోతుంది.

ఈమధ్య కదిరి వైపు తమ్ముడు ఒకతను ఫోన్ చేశాడు. "అన్నా, కేఆర్ పురం దగ్గర థర్టీ ఫార్టీ సైటు, కిందొక ఇల్లు, పైనొక ఇల్లు. రేపు పొద్దున్నకి రేట్లు ఇయ్యాలంట. ఒకసారి చూడన్నా." బీఓక్యూ మూడు పేజీలు. చూడటానికి ముచ్చటగా ఉంది. నేను రేట్ల కాలమ్ వైపు చూడలేదు. "డ్రాయింగులు పంపు తమ్ముడూ, సెక్షన్ ఉన్నదే ముందు పంపు" అన్నాను.

నా పద్ధతి చాలా సాదా. సెక్షన్ అంటే ఇంటిని నిలువుగా కోస్తే లోపల కనిపించే బొమ్మ. దాని మీద టెర్రస్ నుంచి నేల దాకా పెన్సిల్‌తో ఒక నిలువు గీత గీస్తాను. ఆ గీత ఏయే పొరలను కోసుకుంటూ కిందికి పోతుందో ప్రతి పొరకూ బీఓక్యూలో ఒక లైను ఉండాలి. హాలు మధ్యలో గీస్తే పైనుంచి వరసగా టెర్రస్ వాటర్‌ప్రూఫింగ్, స్లాబు, సీలింగ్ ప్లాస్టరింగ్, పెయింటు. తర్వాత టైల్స్, టైల్స్ కింద బెడ్, మళ్ళీ స్లాబు, ప్లాస్టరింగ్, పెయింటు. గ్రౌండ్ ఫ్లోర్‌లో టైల్స్, బెడ్, దాని కింద కంబి లేని కాంక్రీటు పొర పీసీసీ, ఆ కింద నింపిన మట్టి, ఆ కింద అసలు నేల. దొరికిన లైనుకు టిక్కు పెట్టుకుంటూ పోతాను. ఈ బీఓక్యూలో టిక్కులు పీసీసీ దాకా వచ్చి ఆగిపోయాయి. మట్టి నింపడం లేదు. గుంతలు తవ్వే లైను ఉంది, 40.5 క్యూబిక్ మీటర్లు అని. తవ్విన మట్టి తిరిగి పూడ్చడం గానీ, ప్లింత్ నింపడం, అంటే నేల మట్టం నుంచి ఫ్లోర్ కింద దాకా మట్టి పోయడం గానీ ఎక్కడా లేవు.

ఇది ఎంత పెద్ద లోటో లెక్క వేస్తేనే తెలుస్తుంది. పన్నెండు కాలమ్‌లు, ఒక్కో గుంత 1.5 మీటర్ల పొడవు, 1.5 వెడల్పు, 1.5 లోతు. అక్కడి నుంచే 40.5 వచ్చింది. ఆ గుంతల్లో 100 మిల్లీమీటర్ల పీసీసీ, 1.2 మీటర్ల చదరం ఫుటింగ్ 350 మిల్లీమీటర్ల మందం, దానిపైన నేల మట్టం దాకా కాలమ్ ముక్క. ఇవన్నీ కలిపితే పన్నెండింటికీ సుమారు 9.6 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. అంటే దాదాపు 31 క్యూబిక్ మీటర్లు మళ్ళీ గుంతల్లోకే పోయి, పొరలు పొరలుగా కుదించాలి. మిగిలే మట్టి 9.6 మాత్రమే.

ఇక ప్లింత్. నేల మట్టం కంటే ఫ్లోర్ 600 మిల్లీమీటర్లు ఎత్తు. టైల్, బెడ్, పీసీసీ తీసేస్తే నింపాల్సింది 450. గోడల లోపలి నికర వైశాల్యం 72 చదరపు మీటర్లు. 72ను 0.45తో గుణిస్తే 32.4 క్యూబిక్ మీటర్లు. చేతిలో ఉన్న 9.6 పోను ఇంకా 23 బయటి నుంచి తోలాలి. అది కుదించాక కావాల్సిన కొలత. లారీలో వచ్చేది వదులు మట్టి, కనీసం పాతిక శాతం ఎక్కువ తెప్పించుకోవాలి. దీనికి తోడు థర్టీ ఫార్టీ సైటులో తవ్విన మట్టిని పోసుకునే చోటే ఉండదు. రోడ్డు మీద పోస్తే ఎదురింటివాళ్ళు ఊరుకోరు. చాలాసార్లు మట్టి బయటికి తోలించి, మళ్ళీ లోపలికి తోలించాలి. రెండు వైపులా బాడుగే.

ఇది చెప్తే తమ్ముడు వెంటనే అన్న మాట: "అయితే తవ్వే రేటులోనే కలిపేస్తా అన్నా." చాలామంది చేసే పని ఇదే. నా అభ్యంతరం అంతా ఇక్కడే ఉంది. లెక్క కోసం ప్లింత్ నింపడానికి క్యూబిక్ మీటరుకు 1000 రూపాయలు అనుకుందాం. మొత్తం 32,400. దాన్ని 40.5 మీద పంచితే తవ్వే రేటుకు 800 పెరుగుతుంది. బెంగళూరులో చాలాచోట్ల ఎర్రమట్టి కింద గట్టి మొరం త్వరగానే తగులుతుంది. ఇంజినీరు వచ్చి చూసి "1.1 మీటర్ల దగ్గర ఆపేయండి, చాలు" అంటే తవ్వకం 29.7కి పడిపోతుంది. ఐటమ్ రేటు కాంట్రాక్టులో కొలిచినదానికే బిల్లు. అప్పుడు మనకు తిరిగి వచ్చేది 23,760. ప్లింత్ మాత్రం అదే 32.4 క్యూబిక్ మీటర్లు, అదే ఖర్చు. 8,640 రూపాయలు పోయినట్టే. ఒక ఐటమ్ ఖర్చును ఇంకో ఐటమ్ పరిమాణానికి కట్టేస్తే, ఆ పరిమాణం మారిన రోజు రెండూ దెబ్బతింటాయి. పైగా తవ్వే రేటు పక్కవాడి కంటే రెట్టింపు కనిపిస్తుంది, ఓనరు బేరం మొదలుపెట్టేది అక్కడే.

ఇప్పుడు అదే గీతను టాయిలెట్ మీదికి జరపండి. చిన్న ఇళ్ళలో ఎక్కువ డబ్బు దాక్కునే చోటు ఇది. ఈ డ్రాయింగ్‌లో టాయిలెట్ స్లాబు 300 మిల్లీమీటర్లు కిందికి దించి ఉంది. గది 1.5 మీటర్లకు 2.4. పైన టైల్ ఉంది, కింద స్లాబు ఉంది, మధ్యలో ఏముందో బీఓక్యూ చెప్పదు. టైల్‌కూ బెడ్‌కూ 50 మిల్లీమీటర్లు పోతే 250 మిల్లీమీటర్ల లోతు నింపాలి. ఒక్కో టాయిలెట్‌కు 0.9, నాలుగింటికి 3.6 క్యూబిక్ మీటర్లు. దేంతో నింపాలో రాయకపోతే సైటులో పగిలిన బ్లాకులు, టైల్ ముక్కలు, మిగిలిన సిమెంటు గడ్డలు అందులో వేసి మూసేస్తారు. పైపు చుట్టూ ఖాళీలు మిగులుతాయి. ఏడాది తిరక్కుండా కింద ఇంటి సీలింగ్ మీద చెమ్మ కనిపిస్తుంది.

వాటర్‌ప్రూఫింగ్ లైను మాత్రం ఉంది. పరిమాణం 14.4 చదరపు మీటర్లు. టాయిలెట్ ఫ్లోర్ టైల్స్ లైను చూస్తే అదీ 14.4. రెండు వేరు వేరు పనులకు ఒకే అంకె కనిపిస్తే అక్కడ ఆగాలి. ఎవరో పై లైను అంకెను కింద కూడా వేసేశారు. వాటర్‌ప్రూఫింగ్ ఫ్లోర్ మీద ఒక్కటే ఆగదు. దించిన 300 మిల్లీమీటర్ల గోడ పొడవునా ఎక్కి, పూర్తయిన ఫ్లోర్ పైన ఇంకో 300 దాకా పోవాలి. గది చుట్టుకొలత 7.8 మీటర్లు, ఎత్తు 0.6, అంటే గోడల మీద 4.68. ఫ్లోర్ 3.6 కలిపితే ఒక్కో టాయిలెట్‌కు సుమారు 8.3, నాలుగింటికి 33. తలుపు దగ్గర కొంచెం తగ్గినా 14.4 ఎక్కడ, 33 ఎక్కడ! ఐటమ్ ఉంది కదా అని టిక్కు పెట్టి ముందుకు పోతే ఇది దొరకదు. కోటు వేశాక కనీసం 24 గంటలు నీళ్ళు నిలబెట్టి చూడటం ఎవరి ఖర్చో కూడా వివరణలో ఉండాలి. ట్యాంకర్ నీళ్ళు ఊరికే రావు.

ఈ గీతకు కూడా దొరకనివి కొన్ని ఉన్నాయి: పనిలోకి వచ్చి, పని అయ్యాక వెళ్ళిపోయేవి. అన్నిటికంటే పెద్దది సెంట్రింగ్, అంటే కాంక్రీటు గట్టిపడేదాకా దాన్ని పట్టి ఉంచే అచ్చు. తమ్ముడి బీఓక్యూలో ఒకటే లైను: ఎం20 ఆర్‌సీసీ, ఫుటింగ్‌లు, కాలమ్‌లు, బీమ్‌లు, స్లాబులు, మొత్తం క్యూబిక్ మీటర్లలో. కంబి విడిగా కిలోల్లో ఉంది. సెంట్రింగ్ రేటులో కలిసిందా లేదా అన్న మాటే లేదు. నిర్మాణ పనుల కొలతకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం సెంట్రింగ్‌ను కాంక్రీటుకు తగిలే ఉపరితలం వైశాల్యంతో విడిగా కొలుస్తారు. కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ రేట్ల పుస్తకంలో కూడా ఆర్‌సీసీ వివరణలోనే సెంట్రింగ్ ఖర్చు కలపలేదని రాసి ఉంటుంది. ప్రైవేటు బీఓక్యూలో ఆ ఒక్క మాట ఎగిరిపోతే ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుంటారు.

కలిపి వేద్దామన్నా సగటు కుదరదు. 125 మిల్లీమీటర్ల స్లాబులో ఒక క్యూబిక్ మీటరు కాంక్రీటుకు 8 చదరపు మీటర్ల సెంట్రింగ్ కావాలి. 230కి 300 కాలమ్‌లో అదే కాంక్రీటుకు 15.4 కావాలి. ఇక్కడి ఫుటింగ్‌కైతే 3.3 చాలు. ఓనరు మధ్యలో "ముందు పోర్టికోకి రెండు కాలమ్‌లు వేయండి" అంటే, సగటు రేటుతో ఆ కాలమ్‌లు నష్టానికే పోయాలి. అందుకే సెంట్రింగ్‌ను ఫుటింగ్, కాలమ్, బీమ్, స్లాబు అని విడదీసి చదరపు మీటర్లలో అడగాలి. పరంజా కూడా ఇలాంటిదే. అది ప్లాస్టరింగ్, పెయింటింగ్ రేట్లలో కలిసి ఉంటుందనుకోవడం మామూలే, కానీ రాసి ఉంటే మంచిది.

ఇంటి గోడలు దాటి బయటికి కూడా ఒకసారి చూడాలి. బెంగళూరులో థర్టీ ఫార్టీ, అంతకు పైన సైట్లలో కొత్త ఇల్లు కడితే వర్షపు నీటి సేకరణ ఏర్పాటు తప్పనిసరి. తమ్ముడి బీఓక్యూలో సంప్ ఉంది, వాన నీటి పైపులు టెర్రస్ నుంచి కిందికి దిగాయి. ఫిల్టరు లేదు, ఇంకుడు గుంత లేదు. పైపు డ్రాయింగ్‌లో నేల దగ్గర ఆగిపోయింది.

ఇవన్నీ దొరికాక తమ్ముడితో ఆర్కిటెక్ట్‌కు ఒక పేజీ ఉత్తరం రాయించాను. ఫలానా డ్రాయింగ్, ఫలానా పొర, బీఓక్యూలో లైను లేదు, మా లెక్కలో పరిమాణం ఇంత, చేరుస్తారా అని. గొడవ భాష ఒక్కటీ లేదు. అటు వైపు ఆఫీసు మొదట విసుక్కుంది. "మిగతా ఇద్దరు ఏమీ అడగలేదు, మీకొక్కరికే ఎందుకు అనుమానాలు" అన్నారు. ఈ మాటకు భయపడే మనవాళ్ళు నోరు మూసుకుంటారు. మిగతా ఇద్దరు అడగలేదంటే వాళ్ళకి ప్లింత్ మట్టి ఉచితంగా వస్తుందని కాదు. వాళ్ళు ఆ డబ్బు ఎక్కడో దాచారు, లేదా ఇంకా చూసుకోలేదు. రెండో రకం వాడికి పని ఇస్తే సగంలో ఆగిపోయే ఇల్లు ఓనరుదే. వేరే ఇంటి బీఓక్యూలో పరిమాణాలు మార్చి పంపేసే ఆఫీసులు ఇది కూడా ఆలోచించాలి.

జవాబు రాకపోతే ఏం చేయాలని తమ్ముడు అడిగాడు. ప్రభుత్వ టెండర్లలో షరతులు పెడితే బిడ్డే తిరస్కరించవచ్చు, అక్కడ ప్రీబిడ్ మీటింగ్‌లోనే అడిగి తేల్చుకోవాలి. ప్రైవేటు పనిలో మాత్రం కవరింగ్ లెటర్‌లో స్పష్టంగా రాయొచ్చు: ప్లింత్ నింపడం, గుంతలు పూడ్చడం, టాయిలెట్ ఫిల్లింగ్, సెంట్రింగ్, ఇంకుడు గుంత మా మొత్తంలో లేవు. అక్కడితో ఆపకుండా ప్రతిదాని పక్కనా మన యూనిట్ రేటు, మన లెక్కలోని పరిమాణం కూడా వేయాలి. రేటు లేకుండా "కలపలేదు" అని మాత్రమే రాస్తే తర్వాత ఓనరు తనకు నచ్చిన రేటు చెప్తాడు. ఇంకొక జాగ్రత్త: అగ్రిమెంటు రాసుకునేటప్పుడు ఆ కవరింగ్ లెటర్‌ను కూడా అందులో ఒక భాగంగా పేర్కొనాలి, రెండు వైపులా సంతకాలు పడాలి. లేకపోతే చివరి పేజీలోని ఆ "అన్నీ కలిసి ఉన్నట్టే" వాక్యమే నిలబడుతుంది, మన ఉత్తరం నిలబడదు.