యాడికైనా పర్లేదన్నా

మంగళవారం పొద్దున 10 గంటల 14 నిమిషాలకు నా ఫోన్‌కు ఒక మెసేజ్ వచ్చింది. "హాయ్ అన్నా." అంతే. పేరు లేదు, ఊరు లేదు, ఫొటో ఉండాల్సిన చోట హనుమంతుడు ఉన్నాడు. నేను బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ టీమ్‌ను చూసుకుంటాను. మా అమ్మ అనంతపురంలో ఉంటుంది. ఆమె లెక్కలో నా నంబరు వీధి కొళాయి లాంటిది. ఎవరైనా వచ్చి బిందె పెట్టుకోవచ్చు.

హనుమంతుడు పలకరిస్తే పలక్కుండా ఉండలేం కాబట్టి "చెప్పు నాన్నా" అన్నాను. బుధవారం "బాగున్నారా అన్నా" అని వచ్చింది. బాగున్నానన్నాను. గురువారం రాత్రి "తిన్నారా అన్నా". తిన్నాను. శుక్రవారం ఒక దండం బొమ్మ. దానికి నేనూ ఒక దండం పెట్టాను. ఆదివారం మధ్యాహ్నానికి అసలు మాట గడప దాటింది. "అన్నా, మీ కంపెనీలో ఏమన్నా జాబ్ ఉంటే సూడన్నా. ఏదైనా పర్లేదు."

ఉంది నాయనా. నా టీమ్‌లోనే ఉంది. కాదు, ఉండింది. టెస్టింగ్ ఇంజనీర్ ఉద్యోగం సోమవారం మా కంపెనీ సైట్లో పెట్టారు, శుక్రవారం సాయంత్రం తీసేశారు. ఆ శుక్రవారమే మనమిద్దరం దండాలు పెట్టుకుంటున్నాం.

మర్యాద తప్పని నేను అనను. మన సీమలో ఒకరింటికి వెళ్లి క్షేమం అడక్కుండా పని మాట ఎత్తితే, వెనకాల తల్లిదండ్రుల పెంపకం గురించి మాట్లాడుకుంటారు. కానీ గడప దగ్గర "తిన్నావా"కూ "పనుండి వచ్చినా"కూ మధ్య అర నిమిషం పడుతుంది. మనిషి ఎదురుగా ఉంటాడు, జవాబు వెంటనే వస్తుంది. ఫోన్లో ఆ అర నిమిషం ఆరు రోజులైంది. క్షేమమూ పనీ ఒకే మెసేజ్‌లో పెడితే ఏ పెద్దమనిషీ తప్పు పట్టడు.

ఇక "ఏదైనా పర్లేదు" సంగతి. ఇది వినయం అనుకుంటున్నారు మనవాళ్లు. ఇదే వినయంతో అనంతపురం ఆర్టీసీ బస్టాండుకు వెళ్దాం రండి.

విచారణ కిటికీ ముందు ఒక కుర్రాడు నిలబడ్డాడు. వెనక ఇరవై మంది ఉన్నారు.

"నమస్తే సార్."

"చెప్పు."

"బాగున్నారా సార్?"

"యాడికి పోవాలప్పా?"

"యాడికైనా పర్లేదు సార్."

తాడిపత్రి దగ్గర యాడికి అని ఒక ఊరుంది. లోపలాయనకు సగమే వినబడింది. "యాడికికా? తాడిపత్రి బస్సెక్కి పో."

"యాడికికే అని కాదు సార్. యాడికైనా అని."

"అంటే?"

"నేను కష్టపడి ప్రయాణం చేసే స్వభావం ఉన్నవాడిని సార్. చిన్నప్పటి నుంచి బస్సులంటే ఆసక్తి. కిటికీ పక్కనైనా కూర్చుంటాను, నిలబడమన్నా నిలబడతాను. పదో తరగతిలో ధర్మవరం దాకా ఒంటరిగా పోయొచ్చినాను. గుంపులో కలిసి ప్రయాణించగలను, ఒంటరిగానూ ప్రయాణించగలను. మీ సంస్థలో ఏదన్నా బస్సు ఖాళీగా ఉంటే సూడండి సార్."

ఈ లోపల కదిరి బస్సు పోయింది. కళ్యాణదుర్గం బస్సు పోయింది. వెనకున్న ముసలామె "ఓరి నీ పాసుగాల, వానికి ఏదో ఒక టికెట్టు ఇచ్చి పంపించప్పా" అంటోంది. ఇయ్యడానికి ఆయనకేమీ అభ్యంతరం లేదు. ఊరి పేరు లేకుండా టికెట్టు ఎట్లా కొడతాడు?

నా పరిస్థితీ అదే. రెఫరల్ అంటే నేను హెచ్‌ఆర్ గదిలోకి వెళ్లి బల్ల మీద చెయ్యి పెట్టి "మావోడే, ఇయ్యండి" అనడం అనుకుంటారు ఊళ్లో. మా దగ్గర రెఫరల్ అంటే ఒక ఫారం. అందులో మొదటి గడి ఉద్యోగం నంబరు. సైట్లో ప్రతి ఉద్యోగం పక్కనా ఒక నంబరు ఉంటుంది, అది వేస్తేనే ఫారం ముందుకు కదులుతుంది. "ఏదైనా పర్లేదు" అనే ఉద్యోగానికి నంబరు లేదు. తర్వాత పేరు, ఈమెయిల్, ఫోన్, రెజ్యూమె. అభ్యర్థి అప్పటికే సొంతంగా అప్లై చేసి ఉంటే మా ఫారం ఒప్పుకోదు. చాలా కంపెనీల్లో ఇలాంటి నియమమే ఉంటుంది. కాబట్టి అప్లై చేశారో లేదో ముందే చెప్పాలి. ఇన్నీ నింపాక జరిగేది కూడా కొంచెమే. ఆ రెజ్యూమె రిక్రూటర్ కంటబడే అవకాశం పెరుగుతుంది. ఇంటర్వ్యూ మాత్రం అందరికీ ఒకటే.

ఈ మాటలే కాస్త మెత్తగా రాసి, "నీ గురించి చెప్పు నాన్నా" అన్నాను. అనకూడని మాట అన్నానని తర్వాత తెలిసింది.

వచ్చింది. ఫోన్లో నాలుగుసార్లు వేలితో పైకి నెడితే గానీ అడుగు కనబడలేదు. తాడిపత్రి దగ్గర రైతు కుటుంబంలో పుట్టాడు. తండ్రి పేరు, తల్లి పేరు, ఒక చెల్లెలు. పదిలో 9.3. ఇంటర్లో ఎంపీసీ. బీటెక్‌లో ఈసీఈ. సవాళ్లను ఇష్టంగా స్వీకరిస్తాడు. బలం క్రమశిక్షణ, బలహీనత అతిగా కష్టపడటం. తీరిక వేళల్లో క్రికెట్. మీ ప్రతిష్ఠాత్మక సంస్థలో నా ప్రతిభను నిరూపించుకునే అవకాశం ఇప్పించగలరని ఆశిస్తూ అని ముగిసింది. "మీ ప్రతిష్ఠాత్మక సంస్థ" అన్న చోట మా సంస్థ పేరు లేదు. దాని స్థానంలో చదరపు బ్రాకెట్ల మధ్య "కంపెనీ పేరు" అని అట్లాగే ఉంది.

ఈ మొత్తంలో పందొమ్మిదో లైనులో, క్రికెట్‌కు కాస్త పైన, ఒక వాక్యం దాక్కుని ఉంది. ఒక చిన్న కంపెనీలో 14 నెలలుగా టెస్టింగ్ పని చేస్తున్నాడట. ఎస్‌క్యూఎల్ వచ్చట. నాకు కావలసిన మనిషి వీడే! పద్దెనిమిది లైన్ల కింద పాతిపెట్టాడు. లాక్ చేసిన ఫోన్ మీద మెసేజ్‌లో కనబడేది మొదటి ఒకటి రెండు లైన్లే. మీటింగ్‌లో ఉన్నవాడు ఆ రెండు లైన్లు చూసి, ఇప్పుడు తెరవాలా రాత్రికి చూడాలా అని తేల్చుకుంటాడు. వీడి మొదటి రెండు లైన్లలో ఉన్నది పుట్టుక.

రెజ్యూమె కూడా పంపాడు. డ్రైవ్ లింకు. నొక్కితే నాకు అనుమతి లేదంది. అనుమతి అడిగాను. అది రెండు రోజులకు వచ్చింది. లోపల ఫైలు పేరు `resume new final 2.pdf`. ఇలాంటి పేరుతో నా దగ్గర ఇప్పటికి ఏడు ఫైళ్లున్నాయి, ఏది ఎవరిదో తెరిస్తే గానీ తెలియదు.

ఫోన్ చేసి అడిగాను, ఆ బ్రాకెట్ల సంగతేంటని. "మా కాలేజీలో ట్రైనింగప్పుడు ఇచ్చిందన్నా. అందరం అదే పంపిస్తాం" అన్నాడు.

ఇక్కడ నాకు నవ్వు రాదు. ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ పేరుతో ప్రతి పిల్లాడి దగ్గరా ఫీజు గుంజారు. ఆ డబ్బు ఎక్కడిది? వానలు మొహం చాటేసిన ఏడాది కూడా శెనక్కాయ వేసి, మిగిలిన కాస్తలోంచి ఆ తండ్రి కట్టింది. దానికి బదులుగా ఇచ్చింది ఒక అరువు కాగితం! ఎవరిని అడుగుతున్నావు, ఏం అడుగుతున్నావు, ఆ మనిషి చేతిలో ఏముంది, నాలుగేళ్లలో ఈ మూడు ప్రశ్నలు నేర్పడానికి ఒక్క గంట దొరకలేదా మీకు? సిగ్గుండాలి. "ఏదైనా పర్లేదు" అని పంపే పిల్లలకు టక్కున బదులిచ్చేవాళ్లు ఎవరో తెలుసా? దొంగ కన్సల్టెన్సీలు. రిజిస్ట్రేషన్‌కు ఇంత, సెక్యూరిటీ డిపాజిట్‌కు ఇంత కట్టమంటాయి. వాళ్లకు ఉద్యోగం నంబరు అక్కర్లేదు, పుట్టిన ఊరు చాలు. మా వీధిలోనే ఒకమ్మాయి అట్లా డబ్బు కట్టి, ఆఫర్ లెటర్ పట్టుకుని బెంగళూరుకు వచ్చి, ఆ అడ్రసులో టైర్ల షాపు చూసి తిరిగి వెళ్లింది. నిజమైన కంపెనీ ఉద్యోగం ఇవ్వడానికి డబ్బు అడగదు. ఇది కూడా చెప్పలేదు ట్రైనింగ్‌లో.

మావైపు తప్పు లేదనను. "చూద్దాంలే" అని నెలలు నడిపించే అన్నలున్నారు. కుదరదు అన్న ఒక్క మాట రాయడానికి వాళ్లకు వేళ్లు రావు. వాడు ఇంకా ఎదురు చూస్తూనే ఉంటాడు.

సరే, అదృష్టం కొద్దీ మూడు వారాలకు ఇంకో టెస్టింగ్ ఉద్యోగం పడింది. ఈసారి ఆ శనివారం అనంతపురంలో, ఉగ్గాని బజ్జీ తింటూ, వాడి ఫోన్లోనే వాడిచేతే టైపు చేయించాను. మొదట్లో ఉన్న వాడి పేరు ఇక్కడ తీసేస్తే, ఇట్లా వచ్చింది:

"అన్నా, బాగున్నారా. తాడిపత్రి నుంచి, సంక్రాంతికి మీ ఇంట్లో కలిశాం. మీ సైట్లో టెస్టింగ్ ఇంజనీర్ ఉద్యోగం చూశాను, నంబరు, లింకు కింద ఉన్నాయి. 14 నెలలు టెస్టింగ్ చేశాను, ఎస్‌క్యూఎల్ వచ్చు, నోటీస్ పీరియడ్ 60 రోజులు. ఇంకా అప్లై చేయలేదు. రెఫర్ చేయగలరా? రెజ్యూమె పీడీఎఫ్ జత చేశాను. మీకు కుదరకపోతే బుధవారం రాత్రి నేనే నేరుగా అప్లై చేసుకుంటాను."

తండ్రి పేరు తీసేయమన్నప్పుడు మాత్రం కాసేపు మొహం మాడ్చుకున్నాడు. రెజ్యూమెలో ఉంటుందిలే అన్నాను. ఆఖరి వాక్యం చూసి, "కుదరకపోతే అని మనమే అనొచ్చా అన్నా?" అని అడిగాడు. అనాలి నాన్నా. అప్పుడు నాకు కాదనడానికి మొహమాటం ఉండదు, నీకు గడువు దాటిపోదు.

"మరి నాకు ఏ ఉద్యోగం సరిపోతుందో నాకే తెలియకపోతే?" అన్నాడు. మంచి ప్రశ్నే. అప్పుడు ఉద్యోగం అడగకూడదు, సంగతి అడగాలి. "ఈ పనికి జావా తప్పనిసరా అన్నా?" అంటే ఒక్క లైనులో చెబుతాను, టీ తాగుతూ కూడా చెబుతాను. "నా కెరీర్‌కు దారి చూపండి" అంటే నేను మఠం పెట్టుకోవాలి.

ఆ మెసేజ్‌ను నేను ఒక్క అక్షరం మార్చకుండా రిక్రూటర్‌కు పంపగలిగాను. ఫారం నింపడానికి నాకు పట్టింది ఎనిమిది నిమిషాలు, అందులో మూడు పాస్‌వర్డ్ గుర్తు తెచ్చుకోవడానికి. వాడికి ఇంటర్వ్యూ పిలుపు వచ్చింది. మొన్న గురువారం జరిగింది కూడా. ఆ ప్యానెల్‌లో నేను లేను, ఫలితం నాకు తెలిసే వీల్లేదు. సాయంత్రం నుంచి ఫోన్ పక్కనే పెట్టుకుని కూర్చున్నాను.

రాత్రి 9 గంటల 40 నిమిషాలకు హనుమంతుడు కనబడ్డాడు. "హాయ్ అన్నా."

"తిన్నాను నాన్నా, బాగున్నాను, అమ్మ కూడా బాగుంది. ఏమైంది?" అని గబగబా కొట్టాను. రెండు నీలం టిక్కులు పడ్డాయి. ఇవాళ శనివారం.