రెండో రకం మంచం, ఒక ఖాళీ జాగా

ఒక మనిషి కాపురం ఎలా సాగిందో తెలుసుకోవడానికి ఆయన నాటకాలు చదివే శ్రమ ఎందుకు? వీలునామా చాలు. షేక్స్‌పియర్ విషయంలో పండితులు ఎన్నో తరాలుగా చేస్తున్నది ఇదే. పక్కింటి గోడకు చెవి ఆనించేవాళ్లకూ వీళ్లకూ తేడా ఒక్కటే, వీళ్లకు జీతం వస్తుంది.

1616 నాటి ఆ వీలునామా మూడు కాగితాలు. అందులో అందరికీ తెలిసింది మంచం సంగతి. భార్య ఆన్‌కు రాసింది "రెండో రకం మంచం", అదీ వరుసల మధ్య తర్వాత ఇరికించి రాసింది. ఇక చూస్కోండి, మొగుడూ పెళ్లాలకు పడదని ఒక వర్గం, అది పెళ్లినాటి మంచమని ఇంకో వర్గం! మంచం సాక్ష్యం చెప్పదు కాబట్టి ఈ వ్యాజ్యం తెగదు. అప్పటి ఇంగ్లండ్ చట్టంలో భర్త భూముల్లో మూడో వంతు అనుభవించే హక్కు వితంతువుకు ఎలాగూ ఉండేదనీ, దాన్ని వీలునామాలో ఎక్కించే అవసరం లేదనీ చెబితే మాత్రం ఎవరూ వినరు. ఇంత మంచి గొడవను చట్టం కోసం వదులుకుంటారా?

నన్నడిగితే చదవాల్సింది కొట్టివేతల్ని. తేదీలో జనవరి కొట్టేసి మార్చి అని రాశారు. మధ్యలో ఏం జరిగింది? ఫిబ్రవరి 10న చిన్న కూతురు జుడిత్‌కు థామస్ క్వైనీతో పెళ్లయింది. మార్చిలో అతనివల్ల గర్భవతి అయిన మరో స్త్రీ ప్రసవంలో బిడ్డతో సహా చనిపోయింది. వీలునామా తేదీ మార్చి 25. అల్లుడు చర్చి కోర్టు ముందు నిలబడింది 26న. కాగితంలో "నా అల్లుడికి" అని మొదలైన మాట కొట్టేసి ఉంది, పైన "నా కూతురు జుడిత్‌కు" అని ఉంది. జుడిత్‌కు మొదట 150 పౌండ్లు. మరో 150 మీద మాత్రం, అల్లుడు సమాన విలువగల భూమి ఆమె పేర రాసేదాకా వడ్డీ తప్ప అసలు ముట్టకూడదు. మిగతా ఆస్తిలో చాలా భాగం పెద్ద కూతురు సుసానాకు, ఆమె తర్వాత ఇంకా పుట్టని ఆమె కొడుకులకు. ఆ కొడుకులు చివరికి పుట్టనే లేదు.

పుస్తకాల ఊసు లేదని, కాబట్టి ఆయన రచయితే కాడని తేల్చినవాళ్లూ ఉన్నారు. సామాన్ల జాబితా వేరే కాగితం, అది పోయింది. పోయిన కాగితం మీద ఎవరి ఇష్టం వాళ్లది.

నాకు నచ్చింది మాత్రం ఒక ఖాళీ జాగా. చెల్లెలు జోన్ ముగ్గురు కొడుకులకు తలా 5 పౌండ్లు ఇచ్చి, ఇద్దరి పేర్లే రాయించాడు. మూడోవాడి పేరు దగ్గర గుమాస్తా చోటు వదిలాడు, తర్వాత ఎవరూ నింపలేదు. వందల పాత్రలకు పేర్లు పెట్టిన మామకు ఆ రోజు గుర్తు రాని పేరు థామస్. అల్లుడి పేరూ అదే.