డ్రైవింగ్ మోడ్ పెడితే ఇంటి ఫోన్ అందదా?

"డ్రైవింగ్ మోడ్ పెట్టకండి. ఇంట్లో ఎవరికైనా ప్రాణం మీదికొచ్చినా ఫోన్ మోగదు. పైగా మీరు ఊళ్లో లేరని ముక్కూ మొహం తెలియనివాళ్లకి కూడా మెసేజ్ వెళ్లిపోతుంది. స్పీకర్ ఆన్ చేసి మాట్లాడుకుంటే చాలు. పదిమందికి పంపండి."

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు మన తెలుగు గ్రూపుల్లో తిరుగుతున్న మెసేజ్ ఇది. నమ్మి మోడ్ తీసేసినవాళ్లు ఉన్నారు కాబట్టి రాస్తున్నాను.

మొదటి మాట తప్పు. మీరు ఎంచుకున్నవాళ్ల ఫోన్ మోగుతుంది. ఐఫోన్‌లో Settings > Focus > Driving తెరిచి, People దగ్గర ఇంటివాళ్ల పేర్లు చేర్చండి. ఆండ్రాయిడ్‌లో Do Not Disturb సెట్టింగ్స్‌లో కాల్స్‌కి Starred contacts ఎంచుకుని, ఇంటివాళ్ల నంబర్లకు స్టార్ పెట్టండి.

జాబితాలో లేనివాళ్లకూ ఒక దారి ఉంది. ఒకే నంబర్ నుంచి వెంటవెంటనే రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు రెండింటిలోనూ ఉంది, అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి. తేడా గడువులోనే. కొడుకు గుణుపురం నుంచి బైక్ మీద వస్తున్నాడు, పర్లాకిమిడిలో పక్కింటాయన పదింటికోసారి, పదీ అయిదుకోసారి ఫోన్ చేశాడనుకోండి. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా 15 నిమిషాల గడువు ఉంటుంది కనుక రెండోది మోగుతుంది. ఐఫోన్‌లో 3 నిమిషాలే, మోగదు. అందుకే బయల్దేరేముందు "నేను ఎత్తకపోతే వెంటనే ఇంకోసారి చెయ్యండి" అని చెప్పి ఉంచాలి. బండి ఎక్కకముందే మోడ్ ఆన్ చేసి, ఇంకో ఫోన్ నుంచి రెండుసార్లు చేయించి చూస్తే మీ ఫోన్ సంగతి తేలిపోతుంది. ఘాట్‌లో సిగ్నల్ పోయినచోట మాత్రం ఏ మోడ్ ఉన్నా, లేకపోయినా కాల్ రాదు.

ఇక మెసేజ్ ఎవరికి వెళ్లాలన్నది మీ చేతిలోనే ఉంది. ఐఫోన్‌లో Auto-Reply కింద No One, Recents, Favorites, All Contacts అని ఉంటాయి. Favorites పెడితే ముక్కూ మొహం తెలియనివాడికి ఏమీ వెళ్లదు. అక్కడ ముందే ఉన్న ఇంగ్లీషు వాక్యం తీసేసి "బండి మీద ఉన్నాను, ఆగాక చేస్తాను" అని తెలుగులో రాసుకోవచ్చు. ఊరి పేరు, వచ్చే వేళ రాయనక్కర్లేదు. ఈ జవాబు మామూలు మెసేజ్‌లకే, వాట్సాప్‌కి వెళ్లదు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తనంతట తాను వెళ్లే జవాబే ఉండదు.

ఒక ఇబ్బంది నిజమే. ఐఫోన్‌లో మోడ్ దానంతట అదే ఆన్ అయ్యేలా పెడితే ఫోన్ కదలికను బట్టి పసిగడుతుంది, బస్సులో కూర్చున్నా మోడ్ ఆన్ కావచ్చు. కారుంటే బ్లూటూత్‌కి కలిసినప్పుడే ఆన్ అయ్యేలా పెట్టుకోండి. బైక్ వాళ్లు చేత్తో ఆన్ చేసుకోవడమే మేలు.

స్పీకర్ సలహా అన్నిటికన్నా ప్రమాదం. స్పీకర్ ఆన్‌లో ఉన్నా ఫోన్ చేతిలోనే ఉంటుంది. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ బండి నడుపుతూ ఫోన్ చేత పట్టుకుని వాడటాన్ని ప్రమాదకరమైన డ్రైవింగ్ కింద లెక్కగట్టింది. మొదటిసారి దొరికితే 1,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా, జైలు కూడా పడొచ్చు. ఫోన్ మోగిందంటే బండి పక్కకు తీసి, స్టాండ్ వేసి ఎత్తండి.